అధ్యాపకుల సంక్షిప్త పరిచయం: పరిశోధన, ప్రచురణలు, బోధన ఒక్క పేరాలో ఎలా ఇమడ్చాలి

మా విభాగంలో ఎవరి పరిచయమైనా బయటికి వెళ్లే ముందు ఒకసారి నా చేతికి వస్తుంది. కొన్నేళ్లుగా చూస్తున్నాను, చాలావరకు ఒకే వాక్యంతో మొదలవుతాయి: "ఫలానా వారికి ఇన్నేళ్ల బోధనానుభవం ఉంది, జాతీయ, అంతర్జాతీయ జర్నల్స్‌లో ఇన్ని పరిశోధన పత్రాలు ప్రచురించారు." అది చదివాక కూడా ఆయన దేని మీద పనిచేస్తారో మనకు తెలియదు. రెజ్యూమేని కుదిస్తే పరిచయం అయిపోతుందనుకోవడం వల్ల ఇలా జరుగుతోంది. రెజ్యూమే చదివేది ఇంటర్వ్యూ బోర్డు. పరిచయం చదివేది పీహెచ్‌డీకి గైడ్ కోసం వెతుకుతున్న విద్యార్థి, సదస్సుకు వక్తను వెతుకుతున్న నిర్వాహకుడు, ఒక వార్త రాస్తూ నిపుణుడి కోసం చూస్తున్న విలేకరి. వీళ్లకు తెలియాల్సింది ఒక్కటే: ఈ మనిషి ఏ ప్రశ్న వెంట పడ్డారు? ఆ ప్రశ్న దొరికితే ప్రచురణలూ బోధనా దాని చుట్టూ వాటంతట అవే సర్దుకుంటాయి.

ఎలా రాయాలో ఒకే ఉదాహరణతో చూపిస్తాను. ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో జియాలజీ అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉన్నారనుకుందాం. నల్లగొండ జిల్లా భూగర్భజలాల్లోని ఫ్లోరైడ్ మీద ఆమె పని. మనిషి ఊహే, విషయం మాత్రం నిజమైనది. ఆమె తొలి ప్రతి ఇలా ఉంది:

> డాక్టర్ ______ గారు జియాలజీలో ఎంఎస్సీ, పీహెచ్‌డీ చేశారు. 11 సంవత్సరాల బోధనానుభవం ఉంది. జాతీయ, అంతర్జాతీయ జర్నల్స్‌లో 28 పరిశోధన పత్రాలు ప్రచురించారు. 40కి పైగా సదస్సుల్లో పాల్గొన్నారు. పరిశోధన ఆసక్తులు: హైడ్రోజియాలజీ, జియోకెమిస్ట్రీ, నీటి నాణ్యత, రిమోట్ సెన్సింగ్, జీఐఎస్, వాతావరణ మార్పు, సుస్థిర అభివృద్ధి. పలు సంస్థల్లో జీవితకాల సభ్యురాలు.

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ నల్లగొండ లేదు, ఫ్లోరైడ్ లేదు. పదేళ్లుగా ఏ నీటి కోసం ఊరూరూ తిరిగారో ఆ నీరే ఇందులో లేదు.

## మొదటి అడుగు: రాయడానికి ముందు ఒక కాగితం

రెజ్యూమే పక్కన పెట్టేయండి. తెల్లకాగితం మీద నాలుగు ప్రశ్నలకు జవాబులు రాయండి. నేను వెంటపడిన ప్రశ్న ఏమిటి? దానికి కాస్తయినా జవాబు చెప్పిన నా పత్రాలు రెండు మూడు ఏవి? నా క్లాసులో విద్యార్థులు తమ చేతులతో ఏం చేస్తారు? నాకు ఎవరు ఉత్తరం రాయాలని నేను కోరుకుంటున్నాను?

జవాబులు తెలుగులోనే రాయమంటాను. చివరికి పరిచయం ఇంగ్లీషులోనే వెళ్లొచ్చు, అయినా ముందు తెలుగులో రాస్తే ఒక మేలుంది. "సస్టెయినబుల్ వాటర్ రిసోర్స్ మేనేజ్‌మెంట్" అని ఇంగ్లీషులో రాసేసి తప్పించుకోవచ్చు. అదే తెలుగులో చెప్పాల్సి వస్తే, ఏ నీళ్లు, ఎక్కడి నీళ్లు, వాటిని ఏం చేస్తారు అన్నది మనకే తట్టి తీరుతుంది.

## రెండో అడుగు: ఆసక్తుల జాబితాను ఒక ప్రశ్నగా మార్చడం

పై ప్రతిలో ఏడు ఆసక్తులున్నాయి. వాటిని అలాగే ఎత్తి పక్క గదిలోని అధ్యాపకుడి పేరు కింద పెట్టండి. సరిపోతాయి. ఇంకొకరి పేరు కింద కూడా అంతే చక్కగా కుదిరే మాటలు మన పరిచయంలో ఉండి లాభం లేదు.

ఆమెను అడిగాను అనుకోండి, "అమ్మా, అసలు మీకు అర్థం కాక వెంటపడిన సంగతి ఏమిటి?" అని. అప్పుడు వచ్చే జవాబు వేరుగా ఉంటుంది. నల్లగొండ కింద ఉన్నది గ్రానైట్. ఆ రాయిలో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలున్నాయి. నీరు ఎక్కువ కాలం రాయిని అంటిపెట్టుకుని ఉంటే ఫ్లోరైడ్ నీటిలోకి దిగుతుంది. నీటిలో కాల్షియం తగినంత ఉంటే అది ఫ్లోరైడ్‌ను పట్టుకుని గట్టిపడి కిందకు దిగిపోతుంది. కాల్షియం తక్కువగా ఉండి సోడియం, బైకార్బొనేట్ ఎక్కువున్న నీటిలో మాత్రం ఫ్లోరైడ్ అలాగే నిలిచిపోతుంది. అందుకే ఒకే ఊళ్లో ఒక బోరు నీరు తాగొచ్చు, కాస్త దూరంలోని ఇంకో బోరు నీరు తాగకూడదు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదనీ, వేరే నీరు దొరకనప్పుడు 1.5 వరకు సర్దుకోవచ్చనీ భారతీయ ప్రమాణం చెబుతుంది.

ఇదంతా పరిచయంలో పట్టదు, పట్టనక్కర్లేదు. ఇందులోంచి ఒక్క వాక్యం చాలు: "గ్రానైట్ నేలల్లోని భూగర్భజలంలోకి ఫ్లోరైడ్ ఎలా చేరుతుంది, పక్కపక్క బోర్లలో కూడా దాని మోతాదు ఎందుకు అంత తేడాగా ఉంటుంది." ఈ వాక్యాన్ని పక్క గది అధ్యాపకుడి పేరు కింద పెట్టలేం.

మరి జీఐఎస్, రిమోట్ సెన్సింగ్ ఏమైనట్టు? అవి మ్యాపులు గీయడానికి, ఉపగ్రహ చిత్రాలు చదవడానికి వాడే పనిముట్లు. ప్రశ్న చెప్పాక, దాన్ని ఎలా వెతుకుతారో చెప్పేచోట ఒక మాటగా వస్తే చాలు. పనిముట్టును ఆసక్తిగా రాస్తే జరిగేది నేను చూశాను. ఒక సహోద్యోగి తన పరిచయంలో జీఐఎస్ అని రాసుకున్నారు. పట్టణాల ట్రాఫిక్ మీద పీహెచ్‌డీ చేయాలనుకున్న కుర్రాడొకడు అది చూసి జిల్లా దాటి వచ్చాడు. ఆయనకు తెలిసిన జీఐఎస్ బావుల మ్యాపులు గీయడం వరకే. ఆ పిల్లవాడికి ఒక రోజూ, బస్సు ఖర్చూ పోయాయి.

ప్రధాన ప్రశ్న ఒకటి, దాని పక్కన కొత్తగా మొదలైన పని ఒకటి. ఇంతకు మించి వద్దు. ఆ కొత్త పనికి కూడా ఏదో ఒక ఆధారం ఉండాలి: ఒక పత్రం, మంజూరైన ప్రాజెక్టు, లేదా దాని మీద పనిచేస్తున్న విద్యార్థి. ఏదీ లేకపోతే అది ఆసక్తి కాదు, ఉద్దేశం. వచ్చే ఏడాది రాసుకోవచ్చు.

## మూడో అడుగు: ప్రచురణలు, అసలు చిక్కు ఇక్కడే

28 పత్రాలు రాసిన మనిషిని రెండింటి గురించే చెప్పమంటే మనసు ఒప్పుకోదు. ప్రతి పత్రం వెనకా ఒక ఎండాకాలం ఉంటుంది, ఆ బాధ నాకు తెలుసు. కానీ 28 అన్న అంకె చదివేవాడికి ఏమీ చెప్పదు. పైగా వచ్చే నెల అది 29 అవుతుంది, పరిచయం పాతబడుతుంది.

ఎంచుకునేటప్పుడు ఎక్కువసార్లు ఉదహరించినదే తీసుకోవాలని లేదు. ఒకటి మీ ప్రధాన ప్రశ్నకు మీరిచ్చిన జవాబు చూపేది కావాలి, ఇంకొకటి ఇప్పుడు మీరు ఎటు నడుస్తున్నారో చూపేది కావాలి. పత్రం శీర్షికను యథాతథంగా దింపకండి. మన శీర్షికలు రెండు లైన్లు ఉంటాయి, పరిచయాన్ని మింగేస్తాయి. ఆ పత్రంలో ఏం తేలిందో మామూలు వాక్యంలో చెప్పి సంవత్సరం వేయండి: "నీటిలో కాల్షియం తగ్గిన చోట ఫ్లోరైడ్ పెరిగే తీరును 2019 నాటి పత్రంలో నమోదు చేశారు." దేని మీద పనిచేశారో, ఏం కనిపెట్టారో ఈ ఒక్క వాక్యంలో తెలుస్తోంది.

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ రాయొచ్చా అని చాలామంది అడుగుతారు. వద్దంటాను. అది జర్నల్‌కు చెందిన సగటు, మీ పత్రానికి వచ్చిన మార్కు కాదు. ఒక పరిశోధకుడి పనిని తూచడానికి జర్నల్ కొలతలు వాడొద్దని 2013లో వెలువడిన శాన్‌ఫ్రాన్సిస్కో ప్రకటన స్పష్టంగా చెప్పింది. హెచ్-ఇండెక్స్‌తో ఇంకో ఇబ్బంది ఉంది. గూగుల్ స్కాలర్‌లో ఒక అంకె ఉంటుంది, స్కోపస్‌లో అంతకన్నా తక్కువ ఉంటుంది, ఎందుకంటే రెండూ లెక్కలోకి తీసుకునే ప్రచురణలు వేరు. ఎక్కడిదో చెప్పకుండా అంకె ఒక్కటే రాస్తే తెలిసినవాళ్లకు అనుమానం, తెలియనివాళ్లకు అయోమయం. ప్రమోషన్ దరఖాస్తులో అడిగితే అక్కడ ఇవ్వండి.

"యూజీసీ-కేర్ జాబితాలోని జర్నల్స్‌లో ప్రచురించారు" అన్న వాక్యం ఇప్పటికీ చాలా పరిచయాల్లో కనిపిస్తోంది. ఆ జాబితాను యూజీసీ 2025లో నిలిపేసింది. ఆ మాట ఉంటే మీ పరిచయం పాతదని చూడగానే తెలిసిపోతుంది.

సమీక్షలో ఉన్న పత్రం గురించి కూడా జాగ్రత్త అవసరం. జర్నల్ పేరు వేసి "పంపించాము" అని రాయకండి, వాళ్లు తిప్పి పంపితే ఆ వాక్యం అక్కడే మిగిలిపోతుంది. అంగీకారం తెలిపే ఈమెయిల్ చేతికొచ్చాకే పత్రం ప్రస్తావన. అంతవరకు "ప్రస్తుతం ఫలానా విషయం చూస్తున్నారు" అంటే సరిపోతుంది, అది నిజం కూడా. అలాగే ఆరుగురు రాసిన పత్రంలో మీరు నాలుగో పేరైతే, మీ వంతు ఏమిటో ఒక మాటలో చెప్పండి: నమూనాల సేకరణా, ప్రయోగశాల పరీక్షలా, లెక్కలా. సహరచయిత ఈ వాక్యం చదివినా తల ఊపేలా ఉండాలి.

మిగిలిన 26 పత్రాల సంగతి? వాటికి వేరే చోటుంది. ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే విద్వాన్ ప్రొఫైల్, గూగుల్ స్కాలర్, ఆర్కిడ్. పరిచయం కింద వీటి లింకులు పెడితే కావలసినవాళ్లు వెళ్లి చూసుకుంటారు.

లింక్ పెట్టే ముందు మన తెలుగు పేర్లతో ఉన్న ఒక తిప్పలు సరిచేసుకోవాలి. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, అదీ పొడి అక్షరంగా. శ్రీనివాసరావు అనే పేరునే తీసుకోండి. ఒక పత్రంలో "కె. శ్రీనివాసరావు", ఇంకోదానిలో "శ్రీనివాసరావు కె.", విదేశీ జర్నల్‌లో "రావు కె.ఎస్." అని పడుతుంది. డేటాబేస్ దృష్టిలో వీళ్లు ముగ్గురు మనుషులు. ఇంకోవైపు అదే పేరున్న వేరే శాస్త్రవేత్తల పత్రాలు మీ గూగుల్ స్కాలర్‌లోకి వచ్చి చేరతాయి. నీళ్ల మీద పనిచేసే మనిషి పేజీలో గుండె ఆపరేషన్ల పత్రం కనిపిస్తే చదివేవాళ్లకు మిగతా జాబితా మీద కూడా నమ్మకం పోతుంది. అందుకే orcid.org లో ఉచితంగా 16 అంకెల గుర్తింపు తీసుకుని, మీ పేరు ఎన్ని రకాలుగా అచ్చయిందో అన్నీ అందులో చేర్చండి. గూగుల్ స్కాలర్‌లో కొత్త పత్రాలు వాటంతట అవే చేరిపోకుండా, ముందు మిమ్మల్ని అడిగేలా సెట్టింగ్ మార్చుకోండి. పరిచయంలో కూడా పత్రాల మీద ఎక్కువసార్లు పడిన రూపంలోనే పేరు రాయండి.

## నాలుగో అడుగు: బోధన

సాధారణంగా బోధన గురించి "11 ఏళ్ల అనుభవం" అని రాసి ముగిస్తారు. పత్రాలకు విలువ, పాఠాలకు లేదు అన్న అలవాటు మనలో అంతగా పాతుకుపోయింది. కానీ ఈ పరిచయం చదివేవాళ్లలో విద్యార్థులే ఎక్కువ. వాళ్లకు కావలసింది రెండు సంగతులు: ఈమె ఏ కోర్సులు చెబుతారు, ఈమె దగ్గర చేరితే మేం ఏం చేస్తాం.

కోర్సు కోడ్‌లు వద్దు, సిలబస్ మారితే కోడ్ మారుతుంది. పేరు రాయండి, ఏ స్థాయిలో చెబుతారో రాయండి. తర్వాత క్లాసులో జరిగే ఒక్క పనిని దగ్గరగా చూపండి. మన ఉదాహరణలోని ఆమె ఎంఎస్సీ పిల్లల్ని ఏటా రెండుసార్లు ఊళ్లకు తీసుకెళ్తారు, వానలకు ముందు మే నెలలో ఒకసారి, వానలు వెనక్కి తగ్గాక నవంబరులో ఒకసారి. అవే బోర్లు, అవే చేతిపంపులు. కాసేపు నీళ్లు వదిలేశాక ప్లాస్టిక్ సీసాను అదే నీటితో కడిగి నింపుతారు, గాజుసీసా వాడరు. సీసా మీద బోరు నంబరు, తేదీ అక్కడికక్కడే రాస్తారు. తిరిగొచ్చాక ల్యాబులో ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్‌తో కొలుస్తారు. ఇందులోంచి పరిచయంలోకి వచ్చేది ఒక్క వాక్యమే. అయినా ఆ వాక్యంలో పరిశోధనా బోధనా ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. సమతూకం అంటే నేననుకునేది ఇదే. మూడింటికీ సమానంగా మూడేసి వాక్యాలు పంచాలని కాదు.

పరిశోధనకూ పాఠానికీ సంబంధం లేని సందర్భాలూ ఉంటాయి. ఫ్లోరైడ్ మీద పనిచేసే ఆమె బీఎస్సీలో ఖనిజశాస్త్రం చెప్పాల్సి రావచ్చు. లేని బంధాన్ని కల్పించకండి, కోర్సు పేరు రాసి ముందుకు వెళ్లండి.

## ఐదో అడుగు: వరస, కొలత, రాసే తీరు

ఇంగ్లీషులో 150 మాటలు, తెలుగులో 100 మాటల చుట్టుపక్కల చాలు. మన విభక్తులు పదాలకు అంటుకుపోతాయి కనుక అదే సంగతి తెలుగులో తక్కువ మాటల్లో వస్తుంది. మొదటి వాక్యం హోదా, రెండో వాక్యం ప్రశ్న. అక్కడి నుంచి పత్రాలు, ఇప్పటి పని, బోధన, చివర ఎవరు సంప్రదించవచ్చు. పేరాలో సగం దాకా పరిశోధనకు పోతుంది, పోనివ్వండి. ప్రధానంగా పాఠాలు చెప్పే కాలేజీలో పనిచేసేవారైతే బోధనను రెండో వాక్యానికి తెచ్చుకోవచ్చు.

"నేను" అని రాయాలా, "ఆమె" అనా? ఇద్దరు ముగ్గురికి మించి చదవని చోట "నేను" బాగుంటుంది. కానీ ఈ పేరానే సదస్సులో వేదిక మీద ఎవరో చదివి వినిపిస్తారు, అందుకని నేను ప్రథమ పురుషనే సూచిస్తాను. "గారు" మాత్రం తీసేయండి. మన గురించి మనమే గారు అనుకోం కదా. "బోధిస్తారు", "చూస్తున్నారు" అన్న క్రియల్లోనే కావలసిన మర్యాద ఉంది. వేదిక మీద చదివేవారు గారు చేర్చుకుంటారు.

ఇవన్నీ పాటించాక ఆమె పరిచయం ఇలా తయారైంది:

> డాక్టర్ ______ జియాలజీ విభాగంలో అసిస్టెంట్ ప్రొఫెసర్. గ్రానైట్ నేలల్లోని భూగర్భజలంలోకి ఫ్లోరైడ్ ఎలా చేరుతుంది, పక్కపక్క బోర్లలో కూడా దాని మోతాదు ఎందుకు తేడాగా ఉంటుంది అన్నది ఆమె పరిశోధన. ఎక్కువ పని నల్లగొండ జిల్లాలో చేశారు. నీటిలో కాల్షియం తగ్గిన చోట ఫ్లోరైడ్ పెరిగే తీరును 2019 నాటి పత్రంలో నమోదు చేశారు. వానలకు ముందు, తర్వాత అవే బోర్లలో వచ్చే మార్పును 2023 నాటి పత్రంలో చూపారు. చెరువు నిండిన ఏడాది చుట్టుపక్కల బోర్లలో ఫ్లోరైడ్ తగ్గుతుందా అన్నది ఇప్పుడు పరిశీలిస్తున్నారు. ఎంఎస్సీలో హైడ్రోజియాలజీ, బీఎస్సీలో ఖనిజశాస్త్రం బోధిస్తారు. ఆమె ఎంఎస్సీ విద్యార్థులు ఏటా రెండుసార్లు ఊళ్లకు వెళ్లి నీటి నమూనాలు తెచ్చి, ల్యాబులో ఫ్లోరైడ్ కొలుస్తారు. గ్రామాల తాగునీటి మీద పీహెచ్‌డీ చేయదలచినవారు ఆమెకు ఈమెయిల్ చేయవచ్చు. (2025 జూన్ నాటికి)

28 పోయింది, 40 సదస్సులు పోయాయి, జీవితకాల సభ్యత్వాలు పోయాయి. అయినా మనిషి ముందుకన్నా పెద్దగా కనిపిస్తోంది.

## ఆరో అడుగు: పంపే ముందు

పైకి చదవండి. తెలుగులో క్రియ చివరికి వస్తుంది కనుక వాక్యం పొడుగైతే చదివేవాడు క్రియ వచ్చేదాకా ఊపిరి బిగపట్టాలి. ఊపిరి ఆడకపోతే అక్కడ విరవండి. తర్వాత వేరే విభాగంలోని స్నేహితుడికి ఇచ్చి, కాగితం తిప్పేసి, "నేనేం చేస్తానో చెప్పు" అని అడగండి. "నీళ్లలో ఫ్లోరైడ్ గురించి" అన్నారంటే సరే. "ఏదో ఎన్విరాన్‌మెంట్ మీద" అన్నారంటే రెండో వాక్యం మళ్లీ రాయాలి.

పుట్టినతేదీ, సొంత మొబైల్ నంబరు, ఇంటి చిరునామా ఉంటే కొట్టేయండి. డబ్బు కట్టించుకుని ఇచ్చే "ఉత్తమ పరిశోధకుడు" అవార్డులు కూడా వద్దు. సెలక్షన్ కమిటీలో కూర్చునేవాళ్లకు అవేమిటో బాగా తెలుసు, వాటి పక్కన ఉన్న నిజమైన పని కూడా చులకనవుతుంది. "ఇటీవల", "గత ఏడాది" అన్న మాటలకు బదులు సంవత్సరం వేయండి.

ఇంకా పత్రాలు లేని కొత్తవారు థీసిస్‌నే పత్రంలా వాడుకోవచ్చు: ఏ ప్రశ్న, ఏం తేలింది, ఏ సంవత్సరం. సాహిత్యం, చరిత్ర విభాగాల వారికి లెక్క కాస్త వేరు. అక్కడ పుస్తకం, పరిష్కరించిన ప్రతి, సంకలనంలో వ్యాసం జర్నల్ పత్రంతో సమానం, ఒక్కోసారి ఎక్కువ. "ప్రాచీన సాహిత్యం, ఆధునిక కవిత్వం, విమర్శ" అని రాయకుండా ఏ శతాబ్దపు ఏ ప్రతుల్లో ఏం వెతుకుతున్నారో చెబితే అదే రెండో వాక్యం అవుతుంది.

చివర బ్రాకెట్లో వేసిన నెలను మరచిపోవద్దు. నేను జూన్‌లో ఒకసారి, డిసెంబరులో ఒకసారి విభాగంలో అందరి పరిచయాలూ తెరిచి ఆ నెల చూస్తాను. ఏడాది దాటినవారికి ఫోన్ చేస్తాను. చాలాసార్లు మారేది ఒక్క వాక్యమే, "ఇప్పుడు పరిశీలిస్తున్నారు" అన్నది. చెరువుల పత్రం అచ్చయితే అది సంవత్సరంతో సహా పైకి జరుగుతుంది, 2019 నాటిది కిందికి దిగి ప్రొఫైల్ జాబితాలో చేరుతుంది.